ఈగ మీద నేరం

నెల రోజుల్లో కొడుకు జిలానీకి రెండుసార్లు విరేచనాలు పట్టుకునేసరికి చాంద్ బీ ప్రాణం సగమైంది. పిల్లవాడికి అన్నం తినిపించేది అత్త గులాబ్ బీ. పొద్దంతా బీడీలు చుట్టిన చేతిని కొంగుకు తుడుచుకుని ముద్దలు కలిపేది. చేతులు కడుక్కోమని అత్తతో అనే ధైర్యం కోడలికి ఎక్కడిది?

అందుకే, లింగంపేట ఆరోగ్య దినానికి బొమ్మలాట రాసిపెట్టమని నర్సు మరియ అడగగానే ఒప్పుకుంది. చదివింది ఏడో తరగతే, అయినా పాత్రల కోసం వెతకాల్సిన పని లేదు, ఇంట్లోనే ఉన్నాయి. ఒక అవ్వ బీడీలు చుట్టి, చేయి కడగకుండా మనవడికి తినిపిస్తుంది. మనవడు మంచం పడతాడు. సబ్బు వచ్చి అవ్వకు బుద్ధి చెబుతుంది. బొమ్మలాడించే మైసన్నకు రెండు చేతులూ తెర పైనే ఉంటాయి కాబట్టి, తెర వెనక అంటించుకుని చదివేలా పెద్ద అక్షరాలతో, పొట్టి మాటలతో రాసింది.

ఎల్లారెడ్డి ఆసుపత్రి నుంచి వచ్చిన సూపర్‌వైజర్ స్వామిదాసు దాన్ని ఎర్ర సిరాతో చదివాడు. పెద్దలను తప్పుపడితే ఊరు నొచ్చుకుంటుందట. అవ్వను కొట్టేసి నేరమంతా ఈగ మీద వేశాడు. సబ్బు నోట సూక్ష్మక్రిముల గురించి పేజీన్నర ఉపన్యాసం పెట్టాడు. అంతసేపు చేతులెత్తి ఉంచితే భుజాలు పడిపోతాయని మైసన్న మొత్తుకున్నా వినలేదు.

చాంద్ బీకి ఏడుపొచ్చింది. తప్పంతా ఈగదే అయితే అత్త చేయి ఎందుకు కడుగుతుంది? మరియను అడిగి చివర ఒక్క వాక్యం చేర్చింది: ‘ఈగ కడగని చేయిని వెతుక్కుంటూ పోయి దాని మీద వాలుతుంది.’ ఈగ ఉంది కదా అని స్వామిదాసు సంతకం పెట్టేశాడు.

ఆరోగ్య దినం నాడు ఉపన్యాసాలే గంటన్నర నడిచాయి. టేబుల్ మీద కొత్త సబ్బు, కాగితం విప్పకుండా, కెమెరా కోసం కూర్చుంది. ఆటలో సబ్బు ఉపన్యాసం సగానికి వచ్చేసరికి బొమ్మ మెల్లగా తెర కిందికి జారిపోయింది. సరిగ్గా అప్పుడే ముందు వరుస పెద్దలకు మిర్చి బజ్జీలొచ్చాయి. మైసన్న మిగతా పేజీ వదిలేసి చివరి వాక్యానికి దూకాడు. ఈగ బొమ్మతో తెర బయటికొచ్చి, బజ్జీ పట్టిన స్వామిదాసు చేతి మీద దాన్ని వాల్చాడు.

“ఏంది మైసన్నా, ఇదేం పని?”

“మీరు సంతకం వెట్టిందే సారు. కడగని చేయి యాడుంటే ఆడ వాలాలె.”

జనం ఘొల్లుమన్నారు. స్వామిదాసు నీళ్లడిగాడు గాని సబ్బు అడగలేదు. ఈగ ఆడవాళ్ల వైపు తిరిగింది.

గులాబ్ బీ తన పొగాకు చేతిని చూసుకుంది. జిలానీని కోడలి ఒళ్లో వేసి, పోయి టేబుల్ మీది సబ్బు తీసుకుంది. అది ఫోటో కోసమని స్వామిదాసు అడ్డం పడ్డాడు.

“ఫోటోకు కాయితం ఉంచుకో సారు,” అని పైకాగితం చింపి ఆయన చేతిలో పెట్టింది.

మరియ చెంబుతో నీళ్లు పోసింది. అరచేతులు, వెనకవైపు, వేళ్ల సందులు, గోళ్లు రుద్దుతుంటే నురగ పచ్చగా కారింది. చాంద్ బీ ప్రతి వేలూ చూసింది. తడి చేయి అలవాటుగా కొంగు మీదికి పోబోయి, ఈగను చూసి ఆగిపోయింది.

చేతులు ఆరబెట్టుకుంటూ గులాబ్ బీ కోడలి దగ్గరికొచ్చింది.

“గా ఈగను మైసన్ననడిగి ఇంటికి తేవే,” అంది. “బువ్వ యాల్లకు గోడ మేకుకు తలిగిద్దాం. నీ నోట్ల నుంచైతే ఎట్లాగూ మాట రాదు.”