సెలవులో ఉన్న మనిషి క్యారేజీ తెచ్చుకుంటుందా?

రామలక్ష్మి అడిగింది నాలుగు రోజులే. నిడదవోలులో కూతురికి తొలి కాన్పు. శుక్రవారం ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తామన్నారు డాక్టరమ్మగారు. అల్లుడికి తల్లి లేదు. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చోడానికి రామలక్ష్మి తప్ప ఇంకో ఆడమనిషి లేదు.

"నాలుగు ఆదివారాలు రొయ్యలు వొలిచానండి, దుర్గమ్మగారూ. మార్చిలో రెండు, ఏప్రిల్లో రెండు. అయ్యే అడుగుతున్నాను" అంది, చేతులకున్న తడి చీరకి తుడుచుకుంటూ.

భీమవరం దగ్గరి ఆ రొయ్యల కంపెనీలో టైం ఆఫీసు గుమాస్తా సాయిదుర్గ. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరికి ఎన్ని సెలవులు రావాలి, అన్నీ ఆమె రాతలోనే ఉంటాయి. రిజిస్టరు తీసింది. ఆదివారం పని చేయించుకుంటే ఆ నెలలోగానీ, తరవాతి రెండు నెలల్లోగానీ బదులు సెలవు ఇచ్చి తీరాలి. రామలక్ష్మి పేరు ఎదురుగా నాలుగు ఆదివారాలూ ఉన్నాయి. వాటి పక్కన బదులు సెలవు తేదీలూ ఉన్నాయి, పెన్సిలుతో. ఏప్రిల్ ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.

ఆ పెన్సిలు రాత తనదే. చెరువుల నుంచి సరుకు రాని రోజులవి. "ఎలాగూ పని లేదుగా, వాళ్ళ సెలవుల్లో కలిపెయ్" అన్నారు మేనేజరు శ్రీనివాసరాజుగారు. నెలాఖరుకి చూసుకుని ఇంకుతో దిద్దొచ్చులే అని ఆవేళ తల దించుకుని రాసేసింది. సాయిదుర్గ రిజిస్టరు మీంచి తలెత్తింది.

"ఆ నాలుగు రోజులూ నువ్వు ఇంటి దగ్గరున్నావా?"

"ఇంటి దగ్గరేంటండి! పొద్దున్నే కంపెనీ వేనెక్కి వచ్చాం. ఏడింటిదాకా గేటు దగ్గర నిలబెట్టి, సరుకు లేదు పొమ్మన్నారు. క్యారేజీలో అన్నం అట్టాగే ఇంటికి పట్టుకెళ్ళాను."

సాయిదుర్గ లేచి గేటుకెళ్ళింది. వాచ్‌మన్ పోతురాజు రాకపోకలు రాసే గేటు పుస్తకం ఇవ్వడానికి వెనకాడాడు.

"అయ్యగారు తిడతారేమోనండి."

"నేను తీసుకెళ్ళానని చెప్పు. కావాలంటే రాసిస్తాను."

మేనేజరు గదిలో ఫ్యాను గరగరమంటోంది. శ్రీనివాసరాజుగారు రిజిస్టరు చూసి నవ్వారు. "నాలుగూ వాడేసుకుందిగా. ఇంకేం రావాలి? పెన్సిలు గీతల మీద ఇంకు పెట్టెయ్, అయిపోద్ది."

సాయిదుర్గ గేటు పుస్తకం ఆయన ముందు తెరిచింది. ఏప్రిల్ ఇరవై. రామలక్ష్మి, లోపలికి ఆరు, బయటికి ఏడు. పక్కన వేలిముద్ర. మిగతా మూడు రోజులూ అంతే.

"సెలవులో ఉన్న మనిషి క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి ఎందుకొస్తుందండి? సెలవు ఇచ్చామని ముందుగా చెప్పాలి కదండీ. వచ్చాక పొమ్మంటే అది సెలవెలా అవుద్ది? సరుకు లేకపోవడం కంపెనీ ఇబ్బంది. దానికి ఆవిడ ఆదివారం సెలవు పోకూడదు."

"పాఠం చెప్తున్నావేంటమ్మా నాకు? రాసింది నువ్వేగా!"

"నేనేనండి. అందుకే నేనే చెరిపేస్తున్నాను."

బల్ల మీది రబ్బరు తీసుకుని, ఆయన చూస్తుండగానే నాలుగు తేదీలూ చెరిపేసింది. కాగితం మీద బూడిదరంగు మరకలు మిగిలాయి. వాటి పక్కనే ఇంకుతో రాసింది: 'మార్చి ఆదివారాలు రెండు, మే నెలాఖరులోగా ఇవ్వాలి. ఏప్రిల్ ఆదివారాలు రెండు, జూన్ నెలాఖరులోగా ఇవ్వాలి.' కింద పొడి అక్షరాలు కాదు, పూర్తి సంతకం పెట్టింది. సెలవు చీటీ ఆయన ముందుకి జరిపింది.

"నేను సంతకం పెట్టనంటే?"

"పెట్టనని చీటీ మీదే రాసివ్వండి. మీ సంతకంతో. ఫైల్లో పెట్టుకుంటాను."

ఆయన కలం తీశారు, మూత పెట్టారు, మళ్ళీ తీశారు. సాయిదుర్గ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనిమిదేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. తలుపు దగ్గర నుంచి రామలక్ష్మి తొంగి చూస్తోంది.

"నీ ఉద్యోగం ఎక్కడుందో గుర్తుందా నీకు?" అన్నారు, చీటీ మీద సంతకం గీకుతూ.

"ఈ రిజిస్టర్లోనేనండి."

చీటీ చేతికిస్తే రామలక్ష్మి కొంగున ముడేసుకుంది. "మనవరాలు పుడితే మీ పేరే పెడతానండి" అంది.

"ముందు బస్సెక్కు. పేరు సంగతి వాళ్ళు చూసుకుంటారు."

రామలక్ష్మి వెళ్ళిపోయినా సాయిదుర్గ లేవలేదు. ఒళ్ళో పెట్టుకున్న ఇంకో పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేంటి మళ్ళీ?"

"ఓవర్‌టైం అండి. ఏప్రిల్ మొదట్లో ఒక వారం, ఆదివారం పని లేకపోయినా, కొందరి చేత రోజుకి పదేసి గంటలు చేయించాం. ఆరు రోజులకి అరవై. వారానికి నలభై ఎనిమిది పోగా పన్నెండు గంటలు ఎక్కువ."

"దానికి ఒకటిన్నర రోజు సెలవు రాయమన్నాగా. ఎనిమిది గంటలకొకటి చొప్పున."

"ఆదివారం పోతే ఆదివారానికి బదులు సెలవండి. ఎక్కువ గంటలకి సెలవు కాదు, గంటకి రెండు గంటల జీతం. పన్నెండుకి ఇరవై నాలుగు. అంటే మూడు రోజుల జీతం. మీరు చెప్పినట్టు రాస్తే సగం పోద్ది వాళ్ళకి."

"రాయవన్నమాట."

సాయిదుర్గ కలం మూత తీసింది.

"జీతమే రాస్తానండి. ఇంకుతోనే. ఎవరి పేరుతో మొదలెట్టమంటారు?"