ఎడమ పట్టీ

బడి ఆటస్థలంలో గోడ పక్కన పెట్టిన బ్యాగు వానకు జారి బురదలో పడింది. పిల్ల దాన్ని ఇంటికి తెచ్చేసరికి అడుగంతా మట్టి, జిప్పు పళ్లలో ఇసుక.

"తడి మట్టిని రుద్దకు కోడలా, ఇంకా లోపలికి పాకుతుంది. ఆరనీ," అంది నానమ్మ.

మర్నాడు తల్లి పెరట్లో కూర్చుని ఎండిన మట్టిని బ్రష్షుతో రాల్చింది. అరలు ఖాళీ చేసి, లోపలి అస్తరు గుడ్డను బయటికి లాగి దులిపింది. పెన్సిలు చెక్కులు, బిస్కెట్టు పొడి రాలాయి. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బుపొడి కలిపి అస్తరు తోమింది. పాత టూత్ బ్రష్షుతో జిప్పు పళ్లు రుద్దింది. ఎడమ పట్టీ దగ్గరికి రాగానే పిల్ల చేయి అడ్డం పెట్టింది.

"అది వద్దమ్మా. నాన్నది."

పట్టీ మీద తెల్లటి ఉప్పు చార ఉంది. రోజూ బస్సు దాకా బ్యాగు మోసింది తండ్రే. ఎడమ భుజానికే తగిలించుకునేవాడు. "బరువంతా ఒక్క భుజం మీదేనా, వంకరపోతారు," అని తల్లి గుమ్మంలోంచి అరిచేది. వేసవిలో ఆయన పోయాడు.

"ఒట్టి చెమటే తల్లీ అది," అంది నానమ్మ. "మీ నాన్న చొక్కా విప్పితే ఇంట్లో ఈగలు కూడా సెలవు పెట్టేవి."

పిల్ల నవ్వింది. నానమ్మ మొహం తిప్పుకుంది.

తల్లి ఆ పట్టీకి ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టింది. మిగతా బ్యాగును నీళ్లు తేటపడే దాకా జాడించి, జిప్పులన్నీ తెరిచి, నీడన తలకిందులుగా వేలాడదీసింది.

ఆ మరుసటి రోజు బ్యాగు ఆరింది. పిల్ల కవరు విప్పి, పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దించేసింది. కుట్టు దగ్గర నుంచి నీళ్లు పట్టీ లోపలి స్పాంజిలోకి దిగాయి. బయటికి రావడానికి కవరు దారి ఇవ్వలేదు. ముక్కిన వాసన. అంచున బూజు చుక్కలు.

"నాన్న వాసన కాదమ్మా ఇది."

"నేనే చుట్టాను," అంది తల్లి. "గాలి తగలకపోతే ముక్కిపోతుందని తెలిసీ చుట్టాను."

"కడక్కపోతే?"

"బూజు అస్తరుకీ పాకుతుంది."

పిల్ల తనే వెళ్లి మగ్గుతో గోరువెచ్చని నీళ్లు, బ్రష్షు తెచ్చి తల్లి ముందు పెట్టింది. తల్లి రుద్దింది. బూజు పోయింది, చార పోయింది. పట్టీని తువ్వాలు మడతలో పెట్టి ఇద్దరూ చెరోవైపు నొక్కారు. ఈసారి దేన్నీ చుట్టలేదు. పగలు గాలికి, రాత్రి ఫ్యాను కింద ఆరేశారు. పూర్తిగా ఆరాక నానమ్మ కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్ల మీద గీసింది. జిప్పు తడబడకుండా నడిచింది.

మళ్లీ బడికి వెళ్లే రోజు పిల్ల పట్టీ వాసన చూసింది.

"సబ్బు," అంది.

పుస్తకాలు సర్దుకుని, రెండో పట్టీ వేలాడుతుండగా, బ్యాగు ఎడమ భుజానికి తగిలించుకుంది. బరువుకు ఒక పక్కకు ఒరిగింది. తల్లి గుమ్మంలో నిలబడి నోరు తెరిచింది. ఏమీ అనలేదు.