అభ్యంతరం లేదు

సెప్టెంబరు వచ్చిందంటే మా అనువాద కార్యాలయంలో టీ తాగే తీరిక కూడా ఉండదు. వైద్యం చదవడానికి రష్యాలోని మా చెబొక్సారీ ఊరికి వచ్చే విదేశీ పిల్లలంతా పాస్‌పోర్టులూ, మార్కుల పత్రాలూ పట్టుకుని మా గుమ్మంలోనే నిలబడతారు. అద్దె ఒప్పందాలు మాత్రం అరుదు. చాలామంది ఫోన్లో ఫొటో తీసి, అదేదో ఇంగ్లీషు చేసి చూపిస్తే చదివేసి సంతకం పెట్టేస్తారు.

రుంబిద్జాయ్ కూడా ముందు ఫోన్లోనే చదివింది. జింబాబ్వే పిల్ల, రెండో సంవత్సరం. హాస్టల్లో మరమ్మతులు మొదలయ్యాయి, నెలాఖరుకి గదులు ఖాళీ చేయమన్నారు. ఫోన్ చెప్పింది చదివాక ఆ పిల్లకి భయం వేసి నా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఈ ఇంట్లో గోడ ఒకటే ఉందా?" అని అడిగింది.

నేను చూశాను. సామాన్ల జాబితాలో 'గోడ: ఒకటి, మంచి స్థితిలో' అని ఉంది. దాని కింద 'సాఫ్ట్ కార్నర్: ఒకటి, వాడినది'.

"గోడ కాదమ్మా, గోడ పొడుగునా ఉండే బీరువా. రష్యన్‌లో రెంటికీ ఒకటే మాట. రెండోది ఎల్ ఆకారంలో ఉండే సోఫా."

"హమ్మయ్య! వాడిన సాఫ్ట్ కార్నర్ అంటే, ఆవిడ మనసు ఇదివరకే ఎవరికో ఇచ్చేసింది కాబోలనుకున్నా" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి నాకు ఆ పిల్ల నచ్చింది. శనివారం ఇంటికే వచ్చి, రెండు వైపులవాళ్లనీ కూర్చోబెట్టి, క్లాజు తర్వాత క్లాజు చదివి వినిపిస్తానన్నాను. పేజీని నిలువునా రెండుగా చేశాను. ఎడమవైపు రష్యన్, కుడివైపు ఇంగ్లీషు. ఆఖరున ఒక వాక్యం ఉంటుంది: రెండు పాఠాల మధ్య తేడా వస్తే రష్యన్‌దే చెల్లుతుంది. ఆ వాక్యం వల్లనే నేను కుడివైపు రాసేది ఎడమవైపుకన్నా ఒక్క పిసరు కూడా తియ్యగా ఉండకుండా చూసుకుంటాను. ఇంగ్లీషు ఎంత బాగున్నా, ఆ పిల్లని కట్టిపడేసేది రష్యనే.

ఇల్లు నాలుగో అంతస్తు. యజమాని జోయా అర్కాదియేవ్నా అదే మెట్లదారిలో కింది అంతస్తులో ఉంటుంది. ఈ ఇల్లు ఆవిడ అక్క లీదాది. కిందటేడు శీతాకాలంలో అక్క పోయింది. వారసత్వం కాగితాలు ఈ ఆగస్టులోనే చేతికొచ్చాయి. అప్పటిదాకా ఆవిడ రోజూ పైకొచ్చి పూలకుండీలకి నీళ్లు పోసి వెళ్లేదట. వంటగదిలో బల్ల మీద మాంసం, బంగాళాదుంపలు కూరి అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన రొట్టె ఉంది. ఇక్కడి చువాష్ జాతివాళ్ల ఇళ్లలో అతిథి కోసం చేసేది.

ఇల్లు చూపించిన ఏజెంటు స్తాస్ కూడా వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"ముందు తినండి. ఆకలి కడుపుతో సంతకాలేమిటి?" అంది జోయా.

"ముందు చదువుదామండీ. జిడ్డు చేతుల్తో కాగితాలు పాడవుతాయి" అన్నాను.

మొదటి క్లాజులు సాఫీగా సాగాయి. ఇల్లు ఎవరిది, ఏ హక్కుతో వచ్చింది, ఎన్ని గదులు. గడువు పదకొండు నెలలు.

"పన్నెండు కాకుండా పదకొండెందుకు?" అని రుంబి అడిగింది.

"ఏడాది, అంతకు పైన అయితే ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించాలి. ఆ తిరుగుడు తప్పించుకోవడానికి ఇక్కడ అందరూ పదకొండే రాస్తారు."

యజమాని నెలకొకసారి, ముందుగా చెప్పి, ఇల్లు చూసుకోవచ్చు. ఈ ముక్క చదవగానే జోయా అడ్డం వచ్చింది. "నేను కిందనే కదే ఉంటా! నెలకోసారేమిటి? రొట్టె చేస్తే తీసుకురానా?"

నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. రుంబి ఆలోచించి, "రొట్టెతో వస్తే ఎన్నిసార్లైనా రావచ్చని చెప్పండి. ఇల్లు చూడ్డానికైతే నెలకోసారే" అంది.

అది విని జోయా నోరారా నవ్వింది. "గడుసుదే!"

నాకు ముందు ఇచ్చిన రష్యన్ ప్రతిలో అచ్చు అక్షరాల మధ్య ఆవిడ చేత్తో రాసి చేర్చిన క్లాజులు మూడో నాలుగో ఉన్నాయి. ఒకదానిలో, కుట్టుమిషను వాడుకోవచ్చు గానీ కిటికీ దగ్గరనుంచి జరపకూడదని ఉంది. ఎందుకని రుంబి అడిగితే జోయా కాసేపు బల్ల మీది గుడ్డ అంచు సవరించింది. "అక్కడైతే వెలుతురు బాగా పడుతుంది. అక్క అక్కడే కూర్చునేది" అంది. నేను అంతే చెప్పాను, ఒక్క మాట కలపలేదు. రుంబి తల ఊపింది.

తర్వాత మూడో విభాగంలో ఏడో క్లాజు వచ్చింది.

రష్యన్‌లో దాని మాటలు ఇవి: 'అద్దెకుండే వ్యక్తిని వలస నమోదులో చేర్చడానికి యజమానికి అభ్యంతరం లేదు.' ముందురోజు కార్యాలయంలో టైపు చేస్తున్నప్పుడే ఈ మాట దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. అభ్యంతరం లేదు, సరే. మరి చేర్చేదెవరు? మా దేశంలో విదేశీయుడు తన నమోదు తాను చేసుకోలేడు. ఇల్లిచ్చినవాళ్లే నోటీసు నింపి, తమ పాస్‌పోర్టు చూపించి ఇవ్వాలి. మనిషి ఇంట్లో దిగిన ఏడు పనిదినాల్లోగా ఇవ్వాలి. ఈ క్లాజులో ఆ పని ఎవరి నెత్తినా లేదు.

"ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం" అన్నాను. రుంబి వైపు తిరిగి, "మీకు ఇది ఎలా అర్థమైంది?" అని అడిగాను.

"ఆవిడ నన్ను నమోదు చేయిస్తారని. ఫోన్ అలాగే చెప్పింది."

అదే ప్రశ్న జోయాని అడిగాను.

"దానికేముంది? చదువుకునే చోట చేయించుకుంటుంది. నాకేం అభ్యంతరం లేదు, అదే కదా రాసింది?"

స్తాస్ నిట్టూర్చాడు. "ఎల్విరా గారూ, ఎందుకొచ్చిన గొడవ? ఇంగ్లీషులో 'నమోదు చేయించడానికి ఒప్పుకుంది' అని రాసేయండి. పిల్ల సంతోషిస్తుంది. రష్యన్‌లో ఎలాగూ అలాగే ఉంటుంది. ఇద్దరూ సంతకం పెడతారు, మనందరం ఇళ్లకి పోతాం."

"అక్కడ ఉన్నది ఒకటి, నేను రాసేది మరొకటి అయితే కింద నా పేరెందుకు స్తాస్?"

"అబ్బో!" అన్నాడు, ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

విషయం జోయాకి విడమరిచి చెప్పాను. కళాశాల వాళ్లు తమ హాస్టల్లో ఉన్నవాళ్లకే నమోదు చేయిస్తారు, బయట ఇంట్లో ఉంటే ఆ పని ఇంటివాళ్లది అన్నాను. ఆవిడ మొహం ఒక్కసారిగా మారిపోయింది.

"నమోదా? నా ఇంట్లోనా? చచ్చినా చేయను! మా తమ్ముడి కొడుకు, పాపం ఉద్యోగం కోసం అన్నాడని నా పాత ఇంట్లో శాశ్వతంగా నమోదు చేయించా. వాణ్ణి బయటకి పంపడానికి కోర్టు చుట్టూ తిరిగి తిరిగి నా మోకాళ్లు అరిగాయి. ఇప్పుడు మళ్లీనా? అక్క ఇల్లు పోగొట్టుకోమంటావా?"

గొంతు పెరిగింది. రుంబికి మాటలు అర్థం కాకపోయినా భావం అర్థమైంది. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూసింది.

ఇలాంటప్పుడు మాటల్ని కాస్త మెత్తబరచాలని నాలిక దురద పెడుతుంది. నేనలా చేయను. తమ్ముడి కొడుకు సంగతి, కోర్టు సంగతి, చచ్చినా చేయనన్న మాట, అన్నీ అన్నవి అన్నట్టే చెప్పాను.

రుంబి నెమ్మదిగా అంది: "అలాగైతే నేను సంతకం పెట్టలేనని చెప్పండి. నమోదు లేకపోతే నన్ను చదువుకోనివ్వరు. కానీ నేను వాళ్ల ఇల్లు అడగడం లేదు. నేను రాత్రి ఎక్కడ పడుకుంటున్నానో చెప్పే కాగితం, అంతే. మా అమ్మకి కూడా రోజూ చెబుతాను, ఎక్కడ పడుకున్నానో."

అదీ ఉన్నదున్నట్టే రష్యన్‌లో చెప్పాను.

బాల్కనీలోంచి స్తాస్ ఎవరికో వేరే ఇల్లు చూపిస్తానని మాటివ్వడం వినబడుతోంది. జోయా లేచి, రొట్టె మీద గుడ్డ తీసి, మళ్లీ కప్పింది.

"ఎల్విరా, నిజంగా అది వేరే నమోదా? వాడికి చేయించినట్టిది కాదా?"

"వేరేదండీ. కానీ నేను ఈ పిల్ల డబ్బిచ్చి పిలిస్తే వచ్చినదాన్ని. నా మాట మీద ఇల్లు పందెం పెట్టకండి. పౌరసేవా కేంద్రం శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. మీరే అడగండి."

"ఇప్పుడే పోదాం పద" అని ఆవిడ కోటు అందుకుంది. "నువ్వూ రావే పిల్లా!"

స్తాస్ రాలేదు. సోమవారం ఫోన్ చేస్తానన్నాడు, చేయలేదు. మేం ముగ్గురం ట్రాలీబస్సెక్కాం. సీటు ఒకటే దొరికితే రుంబి దాన్ని జోయాకి ఇచ్చింది. ఆవిడ కూర్చుని, ఆ పిల్ల బరువైన సంచీ లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది.

పౌరసేవా కేంద్రంలో కౌంటరు కిటికీ వెనక కూర్చున్న అమ్మాయికి జోయా తన తమ్ముడి కొడుకు కథ మొత్తం చెప్పింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా విన్నారు.

"అది శాశ్వత నివాసం నమోదు అమ్మా" అంది ఆ అమ్మాయి. "ఇది ఉంటున్న చోటు గురించి నోటీసు. దీనివల్ల ఇంటి మీద ఏ హక్కూ రాదు. గడువు అయిపోతే దానంతటదే పోతుంది. మీరు ఇవ్వకపోతేనే మీకు జరిమానా."

"ఇల్లు నాదే?"

"మీదే."

"ఆ పిల్ల పెళ్లి చేసుకుని మొగుణ్ణి తెచ్చినా?"

"అప్పుడూ మీదే అమ్మా."

వెనకనుంచి ఎవరో ముసలాయన, "ఆవిడదేనని ఓ కాగితం మీద రాసివ్వండి తల్లీ, మా వంతు వస్తుంది" అన్నాడు. జోయా వెనక్కి తిరిగి, "నీకు తమ్ముడి కొడుకులు లేరు, అందుకే నీకు తొందర" అంది. గది గదంతా నవ్వింది. రుంబి ఎందుకో తెలియకుండానే నవ్వింది.

ఇంటికొచ్చి ఏడో క్లాజు కొట్టేశాం. జోయా చెబుతుంటే నేను రష్యన్‌లో రాశాను, తర్వాత పక్కన ఇంగ్లీషు. అద్దెకుండే వ్యక్తి దిగిన ఏడు పనిదినాల్లోగా యజమాని స్వయంగా వలస నమోదు నోటీసు ఇస్తుంది. దానికోసం అద్దెకుండే వ్యక్తి పాస్‌పోర్టు, వీసా, వలస కార్డు నకళ్లు ముందే ఇస్తుంది. నోటీసులోంచి ముద్ర వేసి చింపి ఇచ్చే ముక్క అద్దెకుండే వ్యక్తి దగ్గర ఉంటుంది. ఈసారి ప్రతి వాక్యంలో చేసేదెవరో కనబడుతోంది. రుంబి రెండు వైపులా వేలు పెట్టి పోల్చి చూసింది, రష్యన్ అక్షరాలు కూడబలుక్కుంటూ.

"ఇంకోటి చేర్చు" అంది జోయా. "వేరే ఊరికి వెళ్లి రాత్రి ఉండిపోతే నాకు ముందే చెప్పాలి."

"అది ఒప్పందంలో అక్కర్లేదండీ. తనిష్టం."

"సరే, రాయకు. నోటితో చెప్పు. వెళ్లేముందు నా తలుపు తట్టి చెప్పకపోతే నేను కంగారు పడతానని చెప్పు."

చెప్పాను. రుంబి నన్ను కాకుండా నేరుగా ఆవిడనే చూస్తూ, నేర్చుకున్న కొద్దిపాటి రష్యన్‌లో, "బాగుంది. చెబుతాను" అంది. ఉచ్చారణ తప్పు. జోయా దిద్దింది. రుంబి మళ్లీ అంది.

ప్రతి పేజీ కిందా ఇద్దరూ సంతకాలు పెట్టారు. తర్వాతే రొట్టె కోశాం. అప్పటికి చల్లారిపోయింది, అయినా ముగ్గురం వంచిన తల ఎత్తకుండా తిన్నాం.

తర్వాతి వారం మధ్యలో కార్యాలయానికి ఫోన్ వచ్చింది. జోయా.

"ఎల్విరా, నోటీసు ఇచ్చేశాం. ముద్ర కూడా వేశారు. నువ్వు రాకపోయినా మేమిద్దరమే వెళ్లొచ్చాం తెలుసా? కిటికీ దగ్గర నేను నోరు తెరిచేలోగానే ఆ పిల్ల రష్యన్‌లో అన్నీ తనే చెప్పేసింది. సగం తప్పులే అనుకో. నేను పక్కన నిలబడి అనువాదం చేశాను."

"ఏ భాష నుంచి ఏ భాషకండీ?"

"రష్యన్ నుంచి రష్యన్‌కే" అంది గొప్పగా. "అంత కష్టమేం కాదు నీ పని."