బుచో గారు సీట్లో లేరండి

ఫోను దగ్గర కూర్చోవాలన్నది నాకు నాలుగేళ్ళ కోరిక. ప్యాకింగ్ మిషన్ల విడిభాగాలు అమ్మే కంపెనీ మాది. కొనేవాళ్ళలో ముప్పాతిక మంది జపాన్ ఫ్యాక్టరీలవాళ్ళే. నేనేమో వెనక గదిలో కూర్చుని బెల్టుల పేర్లూ స్క్రూల కొలతలూ జపనీసులోంచి దించుకుంటూ వచ్చాను. స్క్రూలు తిరిగి మాట్లాడవు. నాకు మాట్లాడకపోతే తిన్నది అరగదు.

చివరికి కాళ్ళావేళ్ళా పడితే మూడు నెలల ట్రయల్ ఇచ్చారు. ఆఖరి వారంలో వరసగా మూడు కాల్స్ సీనియర్ మేడమ్ పక్కన కూర్చుని వింటారు. ఒక్కటైనా తప్పు లేకుండా చెయ్యాలి. చెయ్యకపోతే మళ్ళీ స్క్రూల గదే, మరో అవకాశం లేదు.

సీనియర్ మేడమ్ పన్నెండేళ్ళుగా ఆ ఫోను ఎత్తుతున్న మనిషి. వెనకాల అందరూ ఆవిణ్ణి రూళ్ళకర్ర అంటారు, నేనూ అంటాను. చెడ్డమనిషి కాదు. గీత గీశాక దాని మీద ఈగ వాలినా ఊరుకోదు, అంతే.

జపనీసులో మర్యాద ఒక్క 'గారు'తో తీరేది కాదు. ఎదుటివాళ్ళు చేసే పనిని ఎత్తి చెప్పే క్రియలు వేరు, మనం చేసే పనిని తగ్గించి చెప్పే క్రియలు వేరు. కస్టమరు ఉన్నారనాలంటే 'ఇరష్షాయిమస్'. నేను ఉన్నాననాలంటే 'ఒరిమస్'. ఉండటం ఒకటే, ఎవరు ఉన్నారన్నదే తేడా. ఇంతవరకూ ఎవరైనా నేర్చుకుంటారు. పెద్ద పరీక్ష పాసైన సర్టిఫికెట్టు నా దగ్గరా ఉంది.

నా పీకల మీదికి వచ్చింది ఇంకోటి. మా డిపార్ట్‌మెంటు పెద్దాయన జపాన్ మనిషి. యాభై ఆరేళ్ళు, వచ్చి రెండేళ్ళయింది. ఆ హోదాని వాళ్ళ భాషలో 'బుచో' అంటారు. ఆయన ముందు మేమంతా ఆయన్ని ఎత్తే మాట్లాడతాం. కానీ కస్టమరు ఫోను చేసి ఆయన ఉన్నారా అని అడిగితే మాత్రం, ఆయన ఇంటిపేరు వెనక మన 'గారు' లాంటి 'సాన్' కూడా తగిలించకుండా వట్టిగా పలికి, పైగా నా గురించి చెప్పుకునే 'ఒరిమస్'నే ఆయనకీ వాడాలి.

మొదటి కాల్‌లో నాకు నోరు రాలేదు. యాభై ఆరేళ్ళ మనిషి, తెల్లజుట్టు, ఆయన పేరు నేను వట్టిగా పిలవడమా! "బుచో వా ఇరష్షాయిమసెన్" అనేశాను, బుచో గారు లేరండి అని ఎంతో గౌరవంగా. కాల్ అవ్వగానే రూళ్ళకర్ర కాగితం మీద ఇంటూ మార్కు పెట్టింది.

"కస్టమరు ముందు మన కంపెనీ అంతా ఒక్క మనిషే. నువ్వూ, బుచో, గేటు దగ్గర వాచ్‌మనూ, అందరం కలిపి 'మనం'. ఎదుటివాళ్ళ ముందు మనల్ని మనం గారూ గీరూ అనుకుంటామా?"

"తెలుసు మేడమ్. నోటికి రావట్లేదు."

"నోటికి అలవాటు చెయ్యి. మన మనిషిని ఎత్తితే కస్టమర్ని దించినట్టే."

రెండో కాల్‌లో బుచోని చక్కగా దించాను. ఆ సంబరంలో కస్టమర్ని కూడా దించేశాను. పంపిన డ్రాయింగు చూడండి అనడానికి 'గొరాన్ కుదసై' అనాలి. నేను 'హైకెన్ షితె కుదసై' అన్నాను. 'హైకెన్' అంటే నేను వినయంగా చూడటం. అది కస్టమరుకి అంటగడితే, నా డ్రాయింగు ముందు తల వంచి చూడండి అన్నట్టు. అవతల ఆయన పెద్దమనిషి కాబట్టి 'హై హై', సరే సరే అని ఊరుకున్నాడు. రూళ్ళకర్ర ఊరుకోలేదు. రెండో ఇంటూ పడింది. నా ఎదురుగా గోడకి ఒక కార్డు కూడా అంటించింది. 'మన మనిషి గురించి బయటివాళ్ళతో: సాన్ వద్దు, హోదా వద్దు, తగ్గించే క్రియ. మినహాయింపులు లేవు.' ఆఖరి మాట కింద రెండు గీతలు.

ఆ ఆదివారం ఇంట్లో ప్రాక్టీసు పెట్టుకున్నాను. మా అత్తగారిని కస్టమరు చేసి కూర్చోబెట్టాను. మా ఆయన్ని నా కంపెనీ మనిషి చేశాను. ఆవిడకి జపనీసు రాదు కాబట్టి ఆట తెలుగులోనే. "మీ ఆఫీసరు గారు ఉన్నారా అమ్మా?" అని ఆవిడ ఫోనులో అడిగినట్టు అడిగింది.

"వాడు లేడండీ, ఎక్కడికో పోయాడు" అన్నాను నేను, మా ఆయన్ని శక్తికొద్దీ దించుతూ.

మా ఆయన పడీ పడీ నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "ఆటకైనా సరే, వాడు గీడు అంటావేమే నా కొడుకుని?" అంది.

"మీరు పొద్దున్నే కదా అత్తయ్యా, వీడు ఎందుకూ పనికిరాడు అన్నారు?"

"నేనంటాను. కన్నదాన్ని. నేను వాణ్ణి వెధవా అంటే, మీరు కాదు కాదు చాలా మంచివారు అనాలి. అది కూడా తెలీదా?"

ప్రాక్టీసు అక్కడితో ముగిసింది.

మంగళవారం పొద్దున్న మూడో కాల్‌కి కూర్చున్నాం. ఇద్దరికీ హెడ్‌సెట్లు, ఆవిడ చేతిలో కాగితం, నా చేతుల్లో చెమట. బుచో టెస్టింగ్ షెడ్డులో ఉన్నాడు. అక్కడికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆయన మొబైలు టేబుల్ మీదే పెట్టి వెళ్ళాడు. వెళ్ళేలోపు దాన్ని పది సార్లు తీసి చూసుకున్నాడు. ఎందుకో మాకు తెలియదు.

ఫోను మోగింది. కంపెనీ పేరు చెప్పి నమస్కారం పెట్టాను. అవతల ముసలావిడ గొంతు, సన్నగా, ఒక్కో మాటా తుడిచి పెడుతున్నట్టు ఉంది. "మా అబ్బాయి మీ దగ్గర పనిచేస్తున్నాడు. ఎప్పుడూ మీకు శ్రమ ఇస్తూ ఉంటాడు" అని బుచో పేరు చెప్పింది. శ్రమ ఇస్తున్నాడన్న ఆ మాట చివర ఆవిడ పెట్టిన క్రియ 'ఒరిమస్'. కొడుకుని దించి మాట్లాడుతోంది. ఆయన మొబైలు ఎత్తట్లేదట. ఒక్క మాట చెప్పాలట.

నోటి చివర జవాబు తయారుగా ఉంది. మూడు నెలలు తోమి తోమి అరగదీసిన వాక్యం. ఇంటిపేరు వట్టిగా, 'సెకి ఓ హజుషితె ఒరిమస్', సీట్లో లేడు. ఎదురుగా కార్డు, పక్కన ఎత్తిపట్టిన పెన్ను. ఈవిడ బయటి మనిషే, మా కంపెనీ కాదు. రూలు ప్రకారం దించాల్సిందే.

కానీ దించేది ఎవర్ని? ఆవిడ కొడుకునే. ఆవిడ అటునుంచి దించింది, నేను ఇటునుంచి కూడా దించితే పాపం ఆ మనిషిని పట్టుకునేదెవరు? మా అత్తగారి ముఖం కళ్ళ ముందు ఆడింది. నాకు దీనికి వేరే రూలు ఉందో లేదో తెలియదు. తెలియదనే ఒప్పుకుంటున్నాను. తప్పయితే స్క్రూల గదికి పోతాను గానీ, కన్నతల్లితో కొడుకుని వట్టిపేరు పెట్టి చెప్పలేననుకున్నాను.

"బుచో వా తదైమా, సెకి ఓ హజుషితె ఇరష్షాయిమస్" అన్నాను. బుచో గారు ప్రస్తుతం సీట్లో లేరండి.

పక్కన పెన్ను గీసిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.

"ఆహా" అంది ఆవిడ. "అలాగా. బుచో గారు లేరా." తర్వాత చిన్నగా నవ్వింది. వాళ్ళాయనకి కంటి ఆపరేషను అయిందట. కట్టు ఇప్పుడే విప్పారట. గోడ మీద గడియారం చదివి చూపించాడట. అబ్బాయి కంగారుపడుతుంటాడు, అది చెబితే చాలంది.

"ఆయన తిరిగి రాగానే మనవి చేస్తాను" అన్నాను. కస్టమరుకైతే 'మోషిత్సుతాయెమస్' అనాలి, మా మనిషికి చేరవేస్తాననే మాట అది. ఇక్కడ 'ఒత్సుతాయె ఇతషిమస్' అన్నాను. అందులో తగ్గేది నేను, ఎక్కేది ఆయన. ఎలాగూ మునిగాను కదా, సగం మునగడం ఎందుకని.

ఫోను పెట్టగానే రూళ్ళకర్ర కాగితం నా వైపు తిప్పింది. మూడో ఇంటూ. "కార్డు ఎదురుగానే ఉంది కదా!" అంది. కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది ఆ గొంతులో. "నిన్ను పాస్ చేద్దామనే కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చింది. కానీ ముందు కబురు చెప్పాలి కదా. షెడ్డుకి పరుగెత్తి, మిషన్ల హోరులో గట్టిగా అరిచి చెప్పాను, మీ అమ్మగారి దగ్గర్నుంచి ఫోను, నాన్నగారికి కళ్ళు కనిపిస్తున్నాయి అని. బుచో చేతిలో ఉన్న స్పానరు కింద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

ఆఫీసుకి వచ్చి అమ్మకి ఫోను చేశాడు. రెండేళ్ళలో ఆయన మామూలుగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. మర్యాదకి తగిలించే 'మస్' లేదు, 'గొజాయిమస్' లేదు. "ఊఁ, ఊఁ, తిన్నాను, ఊఁ" అంటున్నాడు బడి నుంచి వచ్చిన పిల్లాడిలా. పెట్టేసి మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. ముందు కాగితం మీద ఇంటూ చూశాడు, తర్వాత మమ్మల్ని.

"మా అమ్మ అడుగుతోంది" అన్నాడు. "నువ్వు అక్కడ నిజంగానే బుచోవా అని."

మాకు అర్థం కాలేదు.

"వచ్చిన కొత్తలో ఆవిడ రెండు మూడు సార్లు ఇక్కడికి చేసింది. నా పేరు వట్టిగా వినిపించింది. ఆఫీసుల్లో అలాగే అంటారని ఆవిడకీ తెలుసు. అయినా బావుండలేదట. చెయ్యడం మానేసింది. కస్టమరు ముందు నేను మీ మనిషిని. తగ్గించి చెప్పాలి. మా ఇంటివాళ్ళు ఫోను చేస్తే, అప్పుడు నేను వాళ్ళ మనిషిని. మాకు అదీ పద్ధతే. ఈవిడ చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు" అన్నాడు నన్ను చూపిస్తూ.

వచ్చిన కొత్తలో ఫోను ఎత్తిందెవరో మా ముగ్గురికీ తెలుసు. రూళ్ళకర్ర ముఖం పాలిపోయింది. లేచి నిలబడి, ఆ భాషలో ఉన్న అన్నిటికన్నా కిందికి వంగే క్షమాపణ చెప్పింది. బుచో ఇంకా కిందికి వంగి దాన్ని తిరిగిచ్చేశాడు. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తారో తెలియక నేను దిక్కులు చూశాను.

లేచాక ఆవిడ మూడో ఇంటూ చుట్టూ సున్నా చుట్టింది. జపాన్ వాళ్ళకి సున్నా అంటే ఒప్పు. గోడ మీది కార్డు పీకి, 'మినహాయింపులు లేవు' అన్నది కొట్టేసి, 'కన్నవాళ్ళు చేస్తే తప్ప' అని రాసి, మళ్ళీ అంటించింది. "హెడ్‌సెట్టు నీదే, తీసుకో" అంది నాతో, ఎటో చూస్తూ. ఆవిడంటే నాకు అంత ఇష్టం అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఇది జరిగి ఐదు నెలలైంది. కొడుకు మొబైలు నంబరు చేతిలో ఉన్నా, పెద్దావిడ ప్రతి మంగళవారం ఆఫీసు నంబరుకే చేస్తుంది. ఆవిడ గొంతు వినగానే నేను కళ్ళెత్తి బుచో వైపు చూస్తాను. 'బుచో గారు సీట్లో లేరండి' అని నాచేత అబద్ధం చెప్పించడం ఆయనకి ఇష్టం ఉండదు. అందుకని చేస్తున్న పని వదిలేసి, గబగబా లేచి, కారిడార్లోకి వెళ్ళి నిలబడతాడు. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యడు.