నాలుగు సెకన్ల నవ్వు

తెర మీద తప్పు పడితే నాకు ఒళ్లు మండుతుంది. మాట్లాడేవాళ్ల మాటల్ని అప్పటికప్పుడు అక్షరాలుగా చూపించడం నా పని. వినేదీ రాసేదీ కంప్యూటరే. ఎంతసేపు ఆగి చూపించాలో చెప్పేది నేను. నాలుగు సెకన్లు ఆగనిస్తే తరవాతి మాటలు కూడా విని సరిగ్గా రాస్తుంది. తొందరపెడితే తోచింది రాసేసి, ఆ తరవాత నాలిక్కరుచుకుని దిద్దుకుంటుంది. అందుకే నేను నాలుగు దగ్గర్నుంచి కదలను.

ఆ రోజు బస్సు డిపోలో ఫోర్‌మన్‌గారి పదవీ విరమణ సభ. పట్టుబట్టి తెర పెట్టించింది ఆయనే, భార్య కోసం. ఎనిమిదేళ్ల కిందట ఆవిడకు వినికిడి పోయింది.

సభకు ముందు మైకు సరిచూస్తూ ఆయన ఓ జోకు వేశారు. మెకానిక్కులంతా గొల్లుమన్నారు. ముందు వరసలో ఉన్న ఆవిడ వాళ్ల మొహాలు చూసి తనూ నవ్వింది. అక్షరాలు వచ్చేసరికి అందరి నవ్వూ అయిపోయింది. ఆవిడ లేచి తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చింది.

"అమ్మాయ్, ఇది కాస్త తొందరగా రాదూ?"

నేను మైకులో చెప్పాను. ఆవిడ నాలుగు సెకన్లు ఎదురుచూసి తెర మీద చదువుకుంది: తప్పులు పడతాయి పిన్నిగారూ.

"పడితే పడనీవమ్మా! ఇంట్లోనూ ఇదే గోల. అందరూ నవ్వేశాక ఆయన నాకు నెమ్మదిగా విడమరిచి చెబుతారు. చల్లారిపోయిన జోకు ఎవరిక్కావాలి? ఇవాళ ఒక్కరోజైనా అందరితోపాటు నవ్వాలనుంది."

ఛీ, ఇన్నాళ్లూ నా పరువే చూసుకున్నాను అనిపించింది. నాలుగును అర సెకనుకు దించేశాను.

ఫోర్‌మన్‌గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. తెర మీద మాటలు పడుతున్నాయి, మారుతున్నాయి. 'గ్రీజు' కాస్తా 'ఫ్రిజు' అయి మళ్లీ గ్రీజైంది. నేను పళ్లు నూరుకుంటున్నాను. ఆవిడ మాత్రం కళ్లార్పడం లేదు.

చివరికి ఆయన, "ఇన్నేళ్లూ నన్ను భరించింది మావిడ" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తెర మీద పడింది: ఇన్నేళ్లూ నన్ను భరించింది మామిడి.

నా పై ప్రాణం పైనే పోయింది. అందరికంటే ముందు ఆవిడే పకపకా నవ్వింది. ఆ వెనకే హాలంతా.

"ఆవిడే లేకపోతే..." అంటూ ఆయన ఆగిపోయారు. ఆ 'ఆవిడ' వినగానే కంప్యూటరు మామిడిని తీసేసి 'మా ఆవిడ' అని దిద్దేసింది. ఆయన వెనక్కి తిరిగి తెర వంక చూస్తే అక్కడంతా సవ్యంగానే ఉంది.

"ఎందుకర్రా నవ్వుతారు? నేను చెప్పింది నిజమేగా!" అన్నారు తెల్లమొహం వేసి.

ఆ మాట కూడా తెర మీద పడింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ గట్టిగా అంది:

"ఇంటికెళ్లాక నెమ్మదిగా విడమరిచి చెబుతాలెండి!"