ఉల్లిపాయలు మెత్తబడేవరకు

పత్రికాఫీసులో ఆమెకు కత్తెర అని పేరు. వంటల పేజీ ఆమెది. పాఠకులు పంపే వంటలు ఎలా ఉంటాయంటే, మా అత్తగారి మోకాళ్ళ నొప్పులతో మొదలై, ఊరంతా తిరిగి, ఎక్కడో చెంచాడు ఉప్పు దగ్గర తేలతాయి. అందులోంచి అత్తగారిని, మోకాళ్ళని పీకేసి, పైన కావలసిన పదార్థాలు, కింద ఒకటి రెండు మూడు అంటూ చేసే విధానం నిలబెట్టడం ఆమె ఉద్యోగం. వంట మాత్రం అంతంతే. పొయ్యి దగ్గరికి వెళ్ళకుండానే పేజీ నింపేస్తుందని తోటివాళ్ళు ఏడిపిస్తుంటారు.

ఒకరోజు అక్క కూతురు ఫోన్ చేసింది. పదిహేనేళ్ళ పిల్ల, ఇంట్లో అందరికీ పిడుగు.

"అమ్మ చేసే ఉల్లిపాయ సూప్ నీకు మెసేజ్‌లో రాసి పంపిందట కదా పిన్నీ. మీ పేజీలో వేసినట్టు వరసగా రాసివ్వవా? నేను చేస్తాను. ఒక్కసారి ఆ రుచి చూడాలనుంది."

అక్క పోయి ఏడాది. ఆ మెసేజ్ తెరిచే ధైర్యం ఆమెకు ఇన్నాళ్ళూ లేకపోయింది. ఇప్పుడు తెరిస్తే అంతా ఒకే పేరా, అచ్చం అక్క మాట్లాడినట్టే ఊపిరి తిప్పుకోకుండా ఉంది. ఆ గొంతే వినపడి, సగంలో ఫోన్ బోర్లా పెట్టేసింది. అక్క కావాలనిపించింది, అంతే.

కళ్ళు తుడుచుకుని రెండోసారి ఉద్యోగిలా చదివింది. పెద్ద ఉల్లిపాయలు ఆరు. వెన్న మూడు పెద్ద చెంచాలు. తీరా చివర్లో రొట్టె ముక్కలు కాల్చేచోట అక్క "అన్నట్టు ఒక చెంచా వెన్న దాచావా లేదా" అంటుంది కాబట్టి వెన్న పక్కన "రెండు భాగాలుగా" అని చేర్చింది. ఉప్పు, పెద్ద చెంచాడు మైదా, నాలుగు కప్పుల నీళ్ళు, మిరియాల పొడి, రొట్టె ముక్కలు. నీళ్ళు ముందే కాగుతూ ఉండాలన్న సంగతి అక్కకు వాటిని పోసేటప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పైకి లాక్కొచ్చి, ఉల్లిపాయలు సన్నగా నిలువుగా తరగడం తర్వాత, రెండో అంకె వేసింది.

మూడోదాని దగ్గర అక్క ఇలా రాసింది: "వెన్నలో ఉల్లిపాయలు, ఉప్పు వేసి సన్నమంట మీద పెట్టి నీకు ఫోన్ చేస్తానా, మన కబుర్లయ్యేసరికి అవి మెత్తబడి దారికొస్తాయి."

ఫోన్ చెయ్యడం వంట కాదు. కత్తెర ఆడింది. "సన్నని మంట మీద, మెత్తబడేవరకు, పది నిమిషాలు" అని రాసింది. ఏ వంటలోనైనా ఉల్లిపాయలకు ఆమె వేసే అంకె అదే. నాలుగులో మైదా చల్లి రెండు నిమిషాలు వేయించడం, అయిదులో నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలిపి మరిగించడం, ఆరులో రొట్టె. ముచ్చటగా ఉందనుకుని పంపించింది.

మర్నాడు పిడుగు గొంతు నీరుగారిపోయింది. వాళ్ళ నాన్న నాలుగు చెంచాలు తాగి, బాగానే ఉందమ్మా అని లేచి వెళ్ళిపోయాడట.

"తెల్లగా, ఘాటుగా వచ్చింది పిన్నీ. అమ్మది టీ రంగులో తియ్యగా ఉండేది. పంచదార రాయడం మర్చిపోయావేమో చూడు."

ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే బస్సులో కూర్చుని మెసేజ్ అంతా గాలించింది. పంచదార లేదు. ఆ రంగు తెచ్చేది ఏదీ లేదు. తను తీసేసిన ఆ ఒక్క ముక్కా మళ్ళీ చదివింది.

గురువారాలు ఆమె ఈ బస్సెక్కగానే అక్క ఫోన్ చేసేది. ఇల్లు దగ్గరపడేదాకా, నలభై నిమిషాలకు తక్కువ కాకుండా మాట్లాడేది. మధ్యమధ్య అవతల గరిటతో గిన్నె అడుగు గీకిన చప్పుడు. ఏం చేస్తున్నావే అక్కా అంటే, ఏముంది, నీతో మాట్లాడుతున్నాగా అనేది. ఉల్లిపాయల కోసం ఫోన్ చేసేదో, ఫోన్ కోసం ఉల్లిపాయలు వేసేదో ఇక అడగడానికి మనిషి లేదు. ఆమె కిటికీ వైపు తిరిగి, పక్కవాళ్ళకు కనపడకుండా ఏడ్చింది.

ఇంటికెళ్ళి మూడోది దిద్దింది. "సన్నని మంట మీద, టీ రంగు వచ్చేవరకు, సుమారు నలభై నిమిషాలు. అడుగంటకుండా మధ్యమధ్య గీకి కలుపుతూ ఉండాలి." అక్కను పెట్టడానికి అందులో చోటు దొరకలేదు.

తర్వాతి సాయంత్రం బస్సులో ఉండగా ఫోన్ మోగింది.

"మూడోది మొదలుపెట్టాను పిన్నీ. అంతసేపు ఒక్కదాన్నే నిలబడి ఏం చెయ్యను? ఏదో ఒకటి మాట్లాడు."

ఆమె మాట్లాడింది. ఆఫీసు సంగతులు, పిల్ల బడి సంగతులు, అక్క చిన్నప్పటి అల్లరి. అవతల గరిట గీకుతోంది. దిగాల్సిన స్టాపు వచ్చింది. లేవబోతూ, రంగొచ్చిందా అని అడిగింది.

"ఇంకా లేదు పిన్నీ."

ఆమె మళ్ళీ కూర్చుంది.