గౌతమి ఇటలీ అర్జీ

విజయనగరం కలెక్టరేట్ గేటు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని జగన్నాధం అర్జీలు రాయబట్టి ముప్పై ఏళ్ళు. పింఛన్లనీ, పాసుపుస్తకాలనీ, గట్టు తగాదాలనీ ఆయన కాగితం మీద పెట్టని కష్టం జిల్లాలో లేదు. అలాంటి మనిషి కూతురు ఇటలీ యూనివర్సిటీకి ఉత్తరం రాసి, నాన్నకి చూపించకుండా పంపేద్దామనుకుంది. ఎంత ధైర్యం!

గౌతమికి అక్కడ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తేనే ప్రయాణం, లేకపోతే లేదు. ఆఖరు తేదీ అడుగుతూ, ఏడాదిగా ఫోన్లో నేర్చుకున్న ఇటాలియన్‌లో రాసింది. పంపేలోగా నాన్న కంటబడింది.

"తెలుగులో సెప్పు," అన్నాడు జగన్నాధం.

"'గౌరవనీయ కార్యాలయానికి, మీ దగ్గర చేరబోయే విద్యార్థినిని. స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరు తేదీ దయచేసి తెలియజేయగలరు. గౌరవ వందనాలతో.' అంతే నాన్నా."

"అంతేనేటి? తండ్రి పేరేదీ? భూమేదీ? జతపరిచిన కాయితాలేవీ? దీనికి ఏ గుమస్తా కదుల్తాడే?"

"ఆళ్లకి అవి అక్కర్లేదు. నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వాలంటే సదవాలి కదా!"

గంటసేపు చెప్పాడు. కోటబొమ్మాళిలో ఎకరం పొలం, వానల్లేని ఏడాది, గౌతమి తల్లి ఈశ్వరి మోకాళ్ళ నొప్పి. గౌతమి పళ్ళు బిగించి అన్నీ ఇటాలియన్‌లో పెట్టింది. అడుగున 'జతపరచినవి: ఆదాయ ధ్రువపత్రం నకలు' అని రాయించి మరీ పంపించాడు.

పది రోజులు జవాబు లేదు. "నీ మోకాళ్ళ కథకి భయపడిపోనారు," అంది కూతురు. పైకి కసిరాడు గానీ, పిల్ల చదువు తానే చెడగొట్టానేమోనని జగన్నాధానికి అన్నం సయించలేదు.

పదకొండో రోజు జవాబొచ్చింది. గౌతమి గబగబా తెలుగు చేసింది. "ఆఖరు తేదీ ఆగస్టు ఇరవై, మా టైము మధ్యాహ్నం ఒంటిగంట. మీరడగకపోయినా ఒక మాట. మీరు జతపరచిన పత్రంలో ఏ ఏడాది ఆదాయమో లేదు. స్కాలర్‌షిప్ సంస్థకి కిందటేడు కాదు, అంతకుముందు ఏడాదిది, జనవరి నుంచి డిసెంబరు దాకా కావాలి. కుటుంబ సభ్యుల పత్రం కూడా ఉండాలి. రెంటికీ విదేశాల్లో చెల్లేలా మీ ప్రభుత్వం వేసే అపొస్టిల్ ముద్ర, ఇటాలియన్ అనువాదం తప్పవు. ఇలాగే పెడితే తిరస్కరిస్తారు. మీ అమ్మగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

గౌతమి ఫోను దించింది. "నువ్వు జతపర్సమనకపోతే, ఇదే పెట్టేసి కూకుందును నాన్నా."

జగన్నాధం మీసం దువ్వలేదు. ఊరందరి ఆదాయాలకీ అర్జీలు రాసినవాడు, సొంత పిల్ల పత్రంలో ఏడాది చూసుకోలేదు. సిగ్గేసింది.

మర్నాడు బల్ల వెయ్యలేదు. ఏడాది వేసిన ఆదాయ పత్రం కోసం కొత్తగా రాసిన కాగితం పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో వరుసలో నిలబడ్డాడు.

"ఏటి మావా, ఎవులిది అర్జీ?" అడిగాడు లోపలి గుమస్తా.

"నాదేరా," అన్నాడు జగన్నాధం. ముప్పై ఏళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.